ఆహార పరిశ్రమ పరిశోధన పేపర్లో ‘బీఓడీ తగ్గింది’ అని ఉంటే ఎలా సరిచూసుకోవాలి?

నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. “ఈ పేపర్లో వ్యర్థం నుంచి ఉప ఉత్పత్తి తీసి, మురుగునీటి బీఓడీ 80 శాతం తగ్గించామన్నారు. ఇది నిజమేనా? మా ప్లాంటులో చేసినా అలాగే వస్తుందా?” అడిగేవాళ్లలో ప్రాజెక్టు రాసే విద్యార్థులు ఉంటారు, ఎఫ్లుయెంట్ ప్లాంటు చూసుకునే ఇంజనీర్లూ ఉంటారు. ప్రతిసారీ విడివిడిగా జవాబు రాసే బదులు, పేపర్ చేతికి రాగానే నేను చేసే పనిని వరుసగా ఇక్కడ పెడుతున్నాను.

ఉదాహరణగా ఒకే సరుకును తీసుకుంటాను: పాల నుంచి చీజ్ తీశాక మిగిలే విరుగుడు నీరు. వే ప్రోటీన్ పొడి వచ్చేది దీని నుంచే. ఒక కిలో చీజ్‌కి సుమారు 9 కిలోల విరుగుడు నీరు దిగుతుంది. దాని బీఓడీ లీటరుకు 30,000 నుంచి 50,000 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఉప ఉత్పత్తుల మీద వచ్చే పేపర్లలో దీనిపై రాసినవి చాలా ఉన్నాయి, పొరపాట్లు కూడా వాటిలో బాగానే కనిపిస్తాయి. మీ సరుకు పండ్ల గుజ్జయినా పిండి కడిగిన నీళ్లయినా పద్ధతి మారదు.

సిద్ధాంతం రెండు వాక్యాలే. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పేది బీఓడీ. అదే పదార్థాన్ని రసాయనంతో, సాధారణంగా డైక్రోమేట్‌తో, ఆక్సీకరణం చేస్తే ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పేది సీఓడీ.

కావలసినవి

పేపర్ పూర్తి పాఠం కావాలి, సారాంశం ఒక్కటే ఉంటే ఈ పని కుదరదు. క్యాలిక్యులేటర్, ఒక తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి. పేపర్లోంచి ఈ ఐదు విషయాలు వెతికి కాగితం మీద రాయండి:

- రోజుకు ఎంత మురుగునీరు, ముందు ఎంత, తర్వాత ఎంత
- బీఓడీ లేదా సీఓడీ అంకె, ముందు, తర్వాత
- పరీక్ష ఎన్ని రోజులు, ఏ ఉష్ణోగ్రత దగ్గర జరిగింది
- నమూనా ఎక్కడ, ఎప్పుడు, ఎలా తీశారు
- ఆ రోజుల్లో ఎన్ని టన్నుల సరుకు తయారైంది

ఐదూ దొరికే పేపర్లు తక్కువ. ఏది దొరకలేదో అది కూడా రాసి పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1. అంకెలను భారంలోకి మార్చండి

ముందు చేయాల్సిన పని ఇదే. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనేది గాఢత మాత్రమే. ట్రీట్‌మెంట్ ప్లాంటు మీద, నది మీద పడేది మొత్తం భారం.

```
load (kg/day) = BOD (mg/L) × flow (m³/day) ÷ 1000
```

ఒక లెక్క చూడండి. ముందు రోజుకు 200 ఘనపు మీటర్ల నీరు, బీఓడీ 3,000. భారం 600 కిలోలు. మార్పు తర్వాత బీఓడీ 2,000. పేపర్ “33 శాతం తగ్గుదల” అంటుంది. కానీ అదే పట్టికలో మరో మూల నీటి వాడకం 300 ఘనపు మీటర్లయిందని ఉంటుంది. లెక్క వేస్తే భారం మళ్లీ 600 కిలోలే. అక్కడ జరిగింది నీళ్లు కలపడం.

ఇది తలకిందులుగా కూడా జరుగుతుంది, అప్పుడు మంచి పనికి చెడ్డపేరు వస్తుంది. ఒక ప్లాంటు కడుగునీళ్లు ఆదా చేసి 200 నుంచి 120 ఘనపు మీటర్లకు దిగింది. బీఓడీ మాత్రం 4,500కి పెరిగింది. చూడగానే టెన్షన్ పడతారు. కానీ భారం 540 కిలోలు, అంటే 10 శాతం తగ్గింది. పైగా నీళ్లూ మిగిలాయి.

తర్వాత ఆ భారాన్ని టన్నుల ఉత్పత్తితో భాగించండి. సరుకు తక్కువగా తయారైన నెలలో కొలిస్తే ఏ ప్లాంటుకైనా భారం తగ్గినట్టే కనిపిస్తుంది.

నీటి పరిమాణం పేపర్లో ఎక్కడా లేకపోతే శాతాల తగ్గుదలను ‘గాఢతలో తగ్గుదల’ అని మాత్రమే మీ నోట్సులో రాసుకోండి. అంతకుమించి దాని నుంచి ఏమీ తేల్చలేరు.

2. పరీక్ష అంకె నమ్మదగినదేనా చూడండి

మామూలు బీఓడీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 రోజుల పరీక్ష. భారతీయ ప్రమాణం ప్రకారం 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చేస్తారు. ఉత్తర యూరప్ దేశాల పేపర్లలో 7 రోజుల బీఓడీ కూడా కనిపిస్తుంది. వేర్వేరు రోజుల అంకెలను పక్కపక్కన పెట్టి ‘ఇది మెరుగు’ అని తేల్చిన పట్టిక కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి.

అసలు చిక్కు పలచన చేయడంలో ఉంది. 20 డిగ్రీల నీటిలో కరిగే ఆక్సిజన్ లీటరుకు 9 మిల్లీగ్రాములు మాత్రమే. అందులో పరీక్షకు కనీసం 2 ఖర్చవ్వాలి, చివర్లో కనీసం 1 మిగలాలి. మరి 39,000 బీఓడీ ఉన్న విరుగుడు నీటిని ఎలా కొలుస్తారు? 10 మిల్లీలీటర్లను ఒక లీటరుకు పలచన చేసి, అందులోంచి 3 మిల్లీలీటర్లు 300 మిల్లీలీటర్ల సీసాలో వేస్తారు. అంటే సీసాలో ఉన్న అసలు విరుగుడు నీరు 0.03 మిల్లీలీటర్లు.

```
BOD (mg/L) = (D1 − D2) × 300 ÷ V
           = 3.9 × 300 ÷ 0.03 = 39,000
```

ఇక్కడ D1 మొదటి రోజు కరిగి ఉన్న ఆక్సిజన్, D2 చివరి రోజుది, V సీసాలో పడిన అసలు నమూనా. బయటి నుంచి సూక్ష్మజీవులను కలిపి ఉంటే వాటి వాటా ఆక్సిజన్‌ను ముందే తీసేయాలి. ఇప్పుడు గుణకం చూడండి: పది వేలు. ఆక్సిజన్ మీటరు 0.1 తేడా చూపితే జవాబులో 1,000 తేడా వస్తుంది. కాబట్టి ఎవరైనా విరుగుడు నీటి బీఓడీ 39,217 అని రాస్తే ఆ చివరి మూడు అంకెలకు అర్థం లేదు. ‘సుమారు 39,000’ అని రాసినవాళ్లకు తాము కొలిచేదేమిటో తెలుసు.

పద్ధతుల విభాగంలో ఇంకో మాట కోసం వెతకండి: గ్లూకోజ్-గ్లుటామిక్ ఆమ్లం తనిఖీ. రెండిటినీ లీటరుకు 150 మిల్లీగ్రాముల చొప్పున కలిపిన ద్రావణానికి 5 రోజుల బీఓడీ 198 రావాలి, 30.5 అటూ ఇటూ ఒప్పుకుంటారు. అంటే పరీక్ష సరిగ్గా చేసినప్పుడు కూడా 15 శాతం దాకా ఊగిసలాట మామూలే. అందుకే ఒక్కొక్క సీసాతో కొలిచి ‘పద్ధతి ఎ కంటే పద్ధతి బి 8 శాతం మేలు’ అనే పేపర్‌ను ఫలితంగా లెక్కపెట్టకండి. ఎన్నిసార్లు కొలిచారు, విచలనం ఎంత అనేది కూడా ఉండాలి.

హెచ్చరిక: అంకె మరీ తక్కువగా ఉన్నప్పుడు

ఆహార ప్లాంటుల్లో పైపులు, ట్యాంకులు కడగడానికి క్లోరిన్, క్షారం, ఆమ్లం, క్వాటర్నరీ అమ్మోనియం లాంటివి వాడతారు. అవి నమూనాలో మిగిలితే సీసాలోని సూక్ష్మజీవులు చస్తాయి. తినేవి లేకపోతే ఆక్సిజన్ ఖర్చు కాదు, బీఓడీ తక్కువ వస్తుంది. నీరు శుభ్రంగా ఉందని రిపోర్టు వస్తుంది, నీరు మాత్రం అలాగే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఒకే నమూనాను మూడు పలచనల్లో చూడాలి. ఉదాహరణకు 0.9 మిల్లీలీటర్లతో 1,300, 0.6తో 1,600, 0.3తో 2,200 వచ్చాయనుకోండి. పలచన పెరిగేకొద్దీ బీఓడీ పెరుగుతోంది. మామూలుగా మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఇలా మెట్లెక్కితే విషం ఉందని అర్థం, నిజమైన విలువ 2,200 లేదా అంతకంటే ఎక్కువ. పేపర్లో ఇలాంటి మూడు విలువల సగటు తీసి ఉంటే ఆ సగటు తప్పు. మీరే పరీక్ష చేయిస్తుంటే క్లోరిన్‌ను ముందు తటస్థం చేయమనండి, పీహెచ్ 6 నుంచి 8 మధ్యకు తెమ్మనండి, ఆరోగ్యంగా ఉన్న సూక్ష్మజీవుల విత్తనం కలపమనండి.

నమూనా తీసిన తీరు కూడా ముఖ్యం. కడిగే సమయంలో ఒక్క సీసా నింపితే ఒక అంకె వస్తుంది, మధ్యాహ్నం మామూలుగా నడిచేటప్పుడు నింపితే దానికి ఎంతో దూరంలో ఇంకో అంకె వస్తుంది. ప్రవాహం ఎక్కువున్నప్పుడు ఎక్కువ, తక్కువున్నప్పుడు తక్కువ చొప్పున 24 గంటల పాటు పోగుచేసిన మిశ్రమ నమూనా అయితేనే రోజు భారానికి లెక్క కుదురుతుంది.

3. పదార్థాల నుంచి మీరే లెక్క కట్టండి

ఇది నాకు అన్నిటికన్నా నమ్మకమైన తనిఖీ. ల్యాబు ఏం చెప్పినా, నీటిలో ఎంత చక్కెర, ఎంత ప్రోటీన్, ఎంత కొవ్వు ఉందో తెలిస్తే దానికి పట్టే ఆక్సిజన్ కాగితం మీదే తేలుతుంది. గుర్తుంచుకోవాల్సినవి మూడే: ఒక గ్రాము లాక్టోజ్‌కి 1.12 గ్రాముల ఆక్సిజన్, ప్రోటీన్‌కి సుమారు 1.5, కొవ్వుకి సుమారు 2.9.

మన ఉదాహరణలో లీటరు విరుగుడు నీటిలో 48 గ్రాముల లాక్టోజ్, 7 గ్రాముల ప్రోటీన్, అర గ్రాము కొవ్వు ఉన్నాయనుకుందాం.

```
lactose  48  × 1.12 = 53.8
protein   7  × 1.5  = 10.5
fat      0.5 × 2.9  =  1.4
total               = 65.7 g O2 / L
```

కాబట్టి సీఓడీ 66,000 దగ్గర రావాలి. ఇలాంటి నీటిలో 5 రోజుల బీఓడీ సాధారణంగా సీఓడీలో 60 శాతం చుట్టుపక్కల ఉంటుంది, అంటే సుమారు 39,000. పేపర్లో ఇదే కూర్పు ఇచ్చి సీఓడీ 25,000 అని రాస్తే కడుగునీళ్లు కలిశాయి, లేదా లెక్కలో ఎక్కడో పొరపాటు జరిగింది.

బీఓడీ సీఓడీ కంటే ఎక్కువగా కనిపిస్తే మాత్రం ఆలోచించక్కర్లేదు, ఎక్కడో తప్పు జరిగింది. సీఓడీ అనుమానంగా ఎక్కువ ఉంటే ఉప్పు కోసం చూడండి. ఉప్పు కలిపిన చీజ్ నుంచి దిగే నీటిలోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను ఖర్చుచేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి మెర్క్యురిక్ సల్ఫేట్ వాడారో లేదో పద్ధతుల్లో రాసి ఉండాలి.

4. ఉప ఉత్పత్తి తీశాక మిగిలింది ఎటు పోయిందో వెతకండి

‘వ్యర్థం నుంచి విలువ’ అనే పేపర్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. సాధారణ కథ ఇలా ఉంటుంది: అల్ట్రాఫిల్ట్రేషన్ పొరతో విరుగుడు నీటి ప్రోటీన్‌లో 85 శాతం తిరిగి రాబట్టాం, కాలుష్య సమస్య తీరింది. మొదటి సగం నిజమే అయి ఉండవచ్చు. రెండో సగం లెక్క చూద్దాం.

రోజుకు 100 ఘనపు మీటర్ల విరుగుడు నీరు పొరలోకి వెళ్లింది. లోపల ఉన్న సీఓడీ 6,570 కిలోలు. పొర ఒకవైపు 5 ఘనపు మీటర్ల చిక్కటి ద్రవం ఆపింది, మరోవైపు 95 ఘనపు మీటర్ల తేట దిగింది. ప్రోటీన్‌లో 85 శాతం చిక్కటి వైపు ఆగితే 890 కిలోల సీఓడీ అటు పోయినట్టు. కొవ్వంతా అటే ఆగిందనుకుంటే ఇంకో 140. లాక్టోజ్ చిన్న అణువు కాబట్టి పొర దాన్ని ఆపదు, చిక్కటి ద్రవంలోని నీటితో పాటు 5 శాతం మాత్రం అటు వెళుతుంది, అది 270. మొత్తం 1,300 కిలోలు.

అంటే భారంలో 20 శాతం తొలగింది. మిగిలిన 5,270 కిలోలు తేటలోనే ఉన్నాయి. ఆ తేట సీఓడీ లీటరుకు 55,000 దాటుతుంది. దాన్ని కాలువలోకి వదిలితే విరుగుడు నీటిని వదిలినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ప్రోటీన్ స్వచ్ఛత పెంచడానికి చిక్కటి ద్రవాన్ని నీళ్లు పోసి మళ్లీ వడగడితే, ఆ 270 కిలోల లాక్టోజ్‌లో ఎక్కువ భాగం కూడా తేట వైపే తిరిగి వస్తుంది.

ప్రోటీన్ తీయడం తప్పని నేను అనడం లేదు. దానికి మంచి ధర ఉంది, మంచి ఆహారం కూడా. కానీ మురుగునీటి సమస్యకు కీలకం లాక్టోజ్. పేపర్ దాన్ని ఏం చేశారో చెప్పాలి. సాధారణంగా కనిపించే దారులు మూడు, ఒక్కోదానికి అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది.

లాక్టోజ్‌ను స్ఫటికాలుగా తీస్తే: స్ఫటికాలు వేరుచేశాక మిగిలే పాకం ఎటు పోయింది? లాక్టోజ్ అంతా స్ఫటికంగా మారదు. మిగిలిన భాగం లవణాలతో కలిసి పాకంలోనే ఉంటుంది.

ఈస్ట్‌తో ఆల్కహాల్ చేస్తే: మామూలు రొట్టెల ఈస్ట్ లాక్టోజ్‌ను పులియబెట్టలేదు, అందుకే *క్లూయివెరోమైసిస్ మార్క్సియానస్* లాంటివి వాడతారు. గ్రాము లాక్టోజ్‌కి సిద్ధాంతపరంగా 0.54 గ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ రాదు. ఎక్కువ చూపితే తప్పు. మరిగించి ఆల్కహాల్ వేరుచేశాక అడుగున మిగిలే నీటి బీఓడీ ఇచ్చారా అన్నది చూడండి.

గాలి లేని ట్యాంకులో బయోగ్యాస్ చేస్తే: తొలగిన ప్రతి కిలో సీఓడీకి 0 డిగ్రీల దగ్గర 0.35 ఘనపు మీటర్ల మీథేన్, అదే పరిమితి. మన 5,270 కిలోల్లో 90 శాతం తొలగితే రోజుకు సుమారు 1,660 ఘనపు మీటర్లు. పేపర్ 35 డిగ్రీల దగ్గర కొలిచి ఉంటే అదే వాయువు 1,870గా కనిపిస్తుంది, అది తప్పు కాదు. అంతకు మించితే మాత్రం మొత్తం బయోగ్యాస్‌ను మీథేన్‌గా రాసి ఉంటారు. మీథేన్ ఈ లెక్కకు సగం కూడా రాకపోతే, సీఓడీ నిజంగా జీర్ణమైందా లేక బురదగా అడుగున చేరిందా అని అనుమానించాలి. ఇంకో మాట: విరుగుడు నీటికి క్షారత తక్కువ, త్వరగా ఆమ్లంగా మారుతుంది. పీహెచ్ ఎలా నిలబెట్టారో చెప్పకుండా నెలల తరబడి సాఫీగా నడిచిందనే పేపర్‌ను కాస్త ఆగి చదవండి.

పశువుల మేతగా ఇచ్చామనే పేపర్లలో కూడా ఇదే చూపు కావాలి. రోజుకు ఎంత తీసుకెళ్లారు, తీసుకెళ్లని రోజున ఏం చేశారు అనే లెక్క ఉండాలి. మేతగా ‘ఇవ్వవచ్చు’ అనే వాక్యం భారాన్ని తగ్గించదు.

5. బీఓడీ నుంచి వెనక్కి, నష్టం వైపు నడవండి

వ్యర్థం తగ్గించడం గురించిన పేపర్లకు ఈ తనిఖీ బాగా పనికొస్తుంది. పూర్తి కొవ్వున్న పాల 5 రోజుల బీఓడీ లీటరుకు సుమారు 1,00,000 మిల్లీగ్రాములు. అంటే కాలువలోకి పోయిన ప్రతి లీటరు పాలు 0.1 కిలో బీఓడీ.

ఒక ప్లాంటు రోజుకు లక్ష లీటర్ల పాలు తీసుకుంటుంది, పాల నష్టం అర శాతమేనని రాసింది. అర శాతమంటే 500 లీటర్లు, 50 కిలోల బీఓడీ. అదే పేపర్ పట్టికలో మురుగునీటి భారం లెక్క కడితే 250 కిలోలు వచ్చింది. మిగతా 200 కిలోలు ఎక్కడివి? పాలే అయితే నష్టం అర శాతం కాదు, రెండున్నర శాతం. విరుగుడు నీరైతే రోజుకు 5,000 లీటర్లకు పైగా కాలువలోకి జారుతోంది. కొంత కడుగు మందుల్లోని సేంద్రియ పదార్థం కూడా కావచ్చు.

ఏదో తేల్చడానికి మురుగునీటిలో కొవ్వు కొలిచారేమో చూడండి. పాలైతే బీఓడీతో పాటు కొవ్వు బాగా ఉంటుంది, విరుగుడు నీరైతే దాదాపు ఉండదు. ఒక జాగ్రత్త: కొవ్వు ఉచ్చు దాటాక తీసిన నమూనాతో ఈ తేడా తెలియదు, దానికి ముందు తీసినదే కావాలి.

అంకెలు సగమే ఉన్నప్పుడు

నీటి పరిమాణం లేకపోయినా ఉత్పత్తి టన్నులు, కూర్పు ఉంటే 3, 4 మెట్లు చేయవచ్చు. బీఓడీ లేకుండా సీఓడీ ఒక్కటే ఉంటే సీఓడీతోనే భారం లెక్క కట్టండి. అది కొన్ని గంటల్లో తేలుతుంది, తిరిగి కొలిచినా దగ్గరగా వస్తుంది. మీ ప్లాంటులో కూడా రోజువారీ తనిఖీకి సీఓడీ పెట్టుకుని, వారానికోసారి బీఓడీతో నిష్పత్తి సరిచూసుకోవడం మంచిది. నిష్పత్తి 0.6 నుంచి ఒక్కసారిగా 0.3కి పడితే సరుకు మారిందా, కడుగు మందు ఎక్కువ పడిందా అని ఆ రోజే అడగండి.

పేపర్ పద్ధతిని మీ ప్లాంటుకు తెచ్చే ముందు, మొదట్లో ‘దొరకలేదు’ అని రాసుకున్న అంశాలను తీసి రచయితకు ఈమెయిల్ చేయండి. సంప్రదించాల్సిన చిరునామా పేపర్ మొదటి పేజీలోనే ఉంటుంది. “మీ ఫలితం తప్పు” అని మొదలుపెట్టకండి. “తేట పరిమాణం రోజుకు ఎంత, దాని సీఓడీ ఎంత, చివరికి ఎక్కడికి పంపారు?” అని మూడు ప్రశ్నలు అడగండి. ఆ మూడింటికి జవాబు వస్తే మీ ప్లాంటు లెక్క మీరే వేసుకోవచ్చు. రాకపోతే ఒక రోజు విరుగుడు నీటితో చిన్న పొర మీద మీరే నడిపి, చిక్కటి ద్రవం, తేట రెండిటి పరిమాణం, సీఓడీ కొలవండి. రెండిటి భారం కలిపితే లోపలికి వెళ్లిన భారానికి 10 శాతం తేడాలో సరిపోవాలి. సరిపోకపోతే కొలతలు సరిచేసుకునే దాకా పెద్ద యంత్రానికి ఆర్డర్ పెట్టకండి.